మొదటి రెండు వాక్యాలు భద్రపరచొద్దు

హైదరాబాద్‌లో తార్నాక చుట్టూ పరిశోధన సంస్థలు చాలా దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. ఇటు 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాన్ని ఆనుకుని ఇఫ్లూ, జాతీయ పోషకాహార సంస్థ. అటు ఉప్పల్ రోడ్డు పట్టుకుని హబ్సిగూడ వైపు వెళ్తే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. క్యాంపస్ హాస్టల్లో ఉండే ఎమ్మెస్సీ విద్యార్థికి వీటిలో కొన్ని నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటాయి. అయినా చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కోసం ఏ శాస్త్రవేత్తనైనా కలవాలంటే ముందు మెయిల్ పెట్టాల్సిందే. గేటు దగ్గర సెక్యూరిటీ అడిగే మొదటి ప్రశ్న "ఎవరిని కలవాలి, అపాయింట్‌మెంట్ ఉందా?" అనే.

ఒక్కరికి రాస్తే సరిపోదు. ఒకరి ల్యాబులో ఖాళీ ఉండదు, ఇంకొకరు విదేశంలో ఉంటారు, మరొకరు అసలు మెయిలే చూడరు. అందుకే విద్యార్థులు పది పన్నెండు మందికి రాస్తారు. సీనియర్ ఇచ్చిన మెయిల్‌లో పేరు మార్చి పంపుతారు. ఆ మెయిల్ ఎలా ఉంటుందో క్యాంపస్‌లో అందరికీ తెలుసు: "రెస్పెక్టెడ్ సర్/మేడమ్, గ్రీటింగ్స్ ఆఫ్ ది డే! మీ పరిశోధనలంటే నాకు ఎంతో ఆసక్తి..."

ఒకే మెయిల్‌ను పదిమందికి వాడుకోవడంలో తప్పేమీ లేదు. చదివిన కోర్సు, నేర్చుకున్న పద్ధతులు, ప్రాజెక్టు తేదీలు ఎవరికి రాసినా మారవు. వాటిని ప్రతిసారీ కొత్తగా టైపు చేయడం వృథా. పైగా అలా చేసినప్పుడే తేదీలు తప్పుపడతాయి. చిక్కంతా మెయిల్ మొదట్లో ఉంది. అక్కడ కూడా అచ్చు వేసిన వాక్యమే కనిపిస్తే చదివేవాళ్ల దృష్టి కింది వివరాల దాకా వెళ్లదు. ఎందుకు వెళ్లదో, ఏం చేస్తే వెళ్తుందో తేల్చిన ప్రయోగాలు కొన్ని ఉన్నాయి.

ముప్ఫై అయిదు సార్లు విన్నా గుర్తులేదు

1959లో నెవిల్ మోరే అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరికి హెడ్‌ఫోన్లు తగిలించి రెండు చెవుల్లో రెండు వేర్వేరు మాటల ధారలు వినిపించాడు. ఒక చెవిలో వినిపించేది వెంటవెంటనే పైకి చెబుతూ ఉండాలి, రెండో చెవిలోది వదిలేయాలి. వదిలేసిన చెవిలో అవే మామూలు మాటలను 35 సార్లు తిప్పి తిప్పి వినిపించాడు. తర్వాత అడిగితే ఆ మాటలేవో వాళ్లు చెప్పలేకపోయారు. అదే చెవిలో వాళ్ల పేరు పిలిచినప్పుడు మాత్రం దాదాపు మూడింట ఒక వంతు మంది గమనించారు.

ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. మెదడు ఒకసారి పక్కన పెట్టిన మాటల ధారను ఎన్నిసార్లు వినిపించినా లోపలికి రానివ్వదు. రోజూ వచ్చే మెయిళ్లలో "గ్రీటింగ్స్ ఆఫ్ ది డే" గతి అంతే. అది కంటికి కనిపిస్తుంది కానీ ఎవరూ చదవరు. రెండోది, మనకు సంబంధించిన మాట ఆ అడ్డును దాటి రాగలదు. అయితే పేరు పిలిచినా మూడింట రెండు వంతుల మంది గమనించలేదు. అంటే పేరొక్కటే సరిపోదు. బ్యాంకు ప్రకటన నుంచి చీరల దుకాణం మెసేజ్ దాకా అన్నీ మన పేరుతోనే మొదలవుతున్న ఈ రోజుల్లో దాని విలువ ఇంకా పలచబడింది.

పేరు కాకపోతే మరేం పనిచేస్తుంది? 2005లో అమెరికాలోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీలో ర్యాండీ గార్నర్ చేసిన ప్రయోగం దీనికి జవాబిస్తుంది. ఆయన ఎంచుకున్నది కూడా యూనివర్సిటీ అధ్యాపకులనే. అందరికీ ఒకే సర్వే కాగితం పంపాడు. ఒక గుంపుకు మామూలు అచ్చు లేఖతో, ఇంకో గుంపుకు ఆ లేఖ మీదే చేత్తో రాసిన చిన్న అభ్యర్థనతో, మూడో గుంపుకు అదే అభ్యర్థనను చేత్తో రాసి అంటించిన పసుపు స్టిక్కీ నోటుతో. నింపి తిరిగి పంపినవాళ్లు మొదటి గుంపులో 36 శాతం, రెండో గుంపులో 48 శాతం, మూడో గుంపులో 76 శాతం.

పసుపు రంగు చూసి ఆగారేమోనని ఆయన ఖాళీ నోటు కూడా అంటించి చూశాడు. దానికి అంత ఫలితం రాలేదు. ఎవరో తన కోసం ఒక్క నిమిషం వెచ్చించారన్న గుర్తే పని చేసిందన్నమాట. ఆ తర్వాతి ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. సర్వే చిన్నదైతే నోటు మీద పేరు రాసినా రాయకపోయినా పెద్ద తేడా లేదు. సర్వే పొడుగైనప్పుడు మాత్రం పేరు పెట్టి రాసిన నోటు మిగతావాటికంటే బాగా ముందుంది. అడిగే సాయం పెద్దదయ్యే కొద్దీ "ఇది మీకే రాశాను" అన్న రుజువు కూడా పెద్దదిగా ఉండాలి.

దీన్ని అటువైపు నుంచి బలపరిచే ప్రయోగం మరొకటి ఉంది. క్యాథరిన్ మిల్క్‌మన్, మోడూపె అకినోలా, డాలీ చుగ్ కలిసి అమెరికాలోని 259 విశ్వవిద్యాలయాల్లో 6,500 మందికి పైగా ప్రొఫెసర్లకు పీహెచ్‌డీ చేయాలనుకునే విద్యార్థి రాసినట్టు మెయిళ్లు పంపారు. ప్రొఫెసర్ ఇంటిపేరు, పంపినవాళ్ల పేరు, కలవాలనుకునే రోజు మినహా అన్నీ ఒకే అచ్చు. "మీ పరిశోధనపై ఆసక్తి ఉంది" అన్న పొడి మాటే తప్ప ఏ పరిశోధనో అందులో లేదు. అయినా మూడింట రెండు వంతుల మంది జవాబిచ్చారు. అడిగింది పది నిమిషాల భేటీ మాత్రమే. నిజానికి ఆ ప్రయోగం ఉద్దేశం వివక్షను కొలవడం. తెల్లజాతి మగవాళ్ల పేర్లతో వెళ్లిన మెయిళ్లకు మిగతావాటికంటే ఎక్కువ జవాబులు రావడం అందులో తేలిన ముఖ్య విషయం. మెయిల్ ఎంత బాగా రాసినా మన చేతిలో లేని కారణాలు కొన్ని ఉంటాయని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

తార్నాకలో విద్యార్థి అడిగేది పది నిమిషాలు కాదు. నెలల తరబడి ల్యాబులో ఒక బెంచీ, రసాయనాలు, పక్కన నిలబడి నేర్పే సీనియర్ సమయం. సాయం ఇంత పెద్దదైనప్పుడు మొదటి వాక్యాలు అచ్చువైతే కుదరదు.

వేరొకరికి పంపితే తప్పైపోవాలి

మొదటి వాక్యం నిజంగా ఒకరి కోసం రాసిందో కాదో తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. అదే వాక్యాన్ని పక్క ల్యాబు శాస్త్రవేత్తకు పంపితే ఏమవుతుంది? అక్కడ కూడా చెల్లుబాటైతే అది అచ్చు వాక్యమే, పైన ఎవరి పేరున్నా సరే. అక్కడ తప్పైపోతే అది సొంత వాక్యం.

ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. ఉస్మానియాలో బయోకెమిస్ట్రీ చదివే విద్యార్థిని ఒకామె జొన్నలోని ఇనుము మీద పనిచేసే శాస్త్రవేత్తకు రాస్తోందనుకుందాం. గింజల్లో ఇనుము ఉన్నంత మాత్రాన శరీరానికి అందదు. ఫైటేట్ అనే పదార్థం దాన్ని పట్టేసుకుంటుంది. మొలకెత్తిస్తే ఫైటేట్ తగ్గుతుంది. జొన్నలో ఇనుమును అడ్డుకునేవి టానిన్ల వంటివి ఇంకా ఉన్నాయి. ఆ శాస్త్రవేత్త పత్రంలో ఈ కొలతలున్నాయి. మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది. దాని సారాన్ని మాత్రం తెలుగులో చెప్పుకుందాం.

ఆమె మొదట రాసింది: "పోషకాహార రంగంలో మీ విశిష్ట పరిశోధనలు నన్ను ఎంతగానో ఆకర్షించాయి." ఈ వాక్యం ఆ సంస్థలో ఎవరికి పంపినా సరిపోతుంది. తీసేయాలి.

రెండోసారి ఆ పత్రం పూర్తి శీర్షికను కాపీ చేసి కొటేషన్లలో పెట్టి, "అనే మీ పత్రాన్ని ఎంతో ఆసక్తితో చదివాను" అని రాసింది. ఇది మొదటిదానికంటే మేలనిపిస్తుంది. పరీక్షలో కూడా నెగ్గుతుంది, ఎందుకంటే ఆ శీర్షిక వేరొకరికి చెల్లదు. కానీ తరచూ ఇలాంటి మెయిళ్లు చదివేవాళ్లకు ఇది ఇట్టే తెలిసిపోతుంది. మాట్లాడేటప్పుడు పదిహేను పదాల శీర్షికను ఎవరూ పూర్తిగా చెప్పరు. ఖాళీ గడిలో నింపినట్టు కనిపించే శీర్షిక, చదివామన్నదానికి కాక కాపీ చేశామన్నదానికి రుజువు. కాబట్టి పరీక్షకు ఇంకో షరతు కలపాలి: ఆ వాక్యంలో ఉన్న సంగతి శీర్షిక చూస్తే దొరికేది కాకూడదు, లోపలికి వెళ్తేనే దొరికేదై ఉండాలి.

మూడోసారి రాసింది: "మొలకెత్తించిన జొన్నలో ఫైటేట్ బాగా తగ్గినా, అందే ఇనుము ఆ మేరకు పెరగలేదని మీ కొలతల్లో చూశాను. మిగిలిన అడ్డు టానిన్లదేనా అని తేల్చే పనిలో మీ దగ్గర ప్రాజెక్టు చేయాలని నా కోరిక."

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. మొదటి వాక్యం వాళ్ల పని గురించి, రెండో వాక్యం ఆ పనికీ ఈమె అభ్యర్థనకూ మధ్య వంతెన. చాలామంది మర్చిపోయేది ఈ వంతెననే. మొదటి వాక్యం ఎంత బాగున్నా వెంటనే "నేను ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదువుతున్నాను" అని అచ్చు భాగం మొదలైతే అతుకు కనిపిస్తుంది. రెండు గొంతులు వినిపిస్తాయి. వంతెన వాక్యం ఉన్నప్పుడు అచ్చు భాగం "ఇందుకు నాకున్న అర్హతలు ఇవి" అన్నట్టు సహజంగా సాగుతుంది. దానికి తగ్గట్టు అచ్చు భాగపు మొదటి వాక్యాన్ని కూడా ఒకసారి సవరించుకోవాలి: "స్పెక్ట్రోఫొటోమీటర్ మీద ఇనుము అంచనా వేయడం ప్రాక్టికల్స్‌లో చేశాను. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను."

ఈ రెండు వాక్యాలకు ఎంతలేదన్నా అరగంట పడుతుంది. పత్రం సారాంశం, బొమ్మలు, చివరి చర్చ చదవాలి. అందుకే అరవై మందికి ఇలా రాయడం కుదరని పని. అలాంటప్పుడు అరవై మందికి అచ్చు మెయిల్ పంపే బదులు పన్నెండు మందిని ఎంచుకోవడం మంచిది. ఎంచుకునేటప్పుడే ఎవరి పని మనకు సరిపోదో తెలిసిపోతుంది. ఒక శాస్త్రవేత్త గురించి ఈ రెండు వాక్యాలు ఎంతసేపటికీ రాయలేకపోతే, ఆయన దగ్గర ప్రాజెక్టు అడగడానికి మనకింకా కారణం దొరకలేదన్నమాటే.

ఇన్‌బాక్స్‌లో కనిపించేది ఎంత

మెయిల్ తెరవకముందే అందులో కొంత కనిపిస్తుంది. జీమెయిల్ ఇన్‌బాక్స్‌లో పంపినవాళ్ల పేరు, సబ్జెక్ట్, ఆ తర్వాత లేత రంగులో మెయిల్ మొదటి మాటలు కొన్ని ఉంటాయి. ఫోన్‌లో అయితే అది ఒక్క వరుసే. "రెస్పెక్టెడ్ సర్/మేడమ్, గ్రీటింగ్స్ ఆఫ్ ది డే, మీరు కుశలమని తలుస్తాను" అని మొదలుపెడితే ఆ వరుస దానితోనే నిండిపోతుంది. మనం అరగంట కష్టపడి రాసిన వాక్యం తెర మీదికే రాదు. సంబోధన "డియర్ డాక్టర్" పక్కన ఇంటిపేరుతో ముగించి వెంటనే అసలు వాక్యం మొదలుపెడితే జొన్న, ఫైటేట్ అన్న మాటలు ఇన్‌బాక్స్‌లోనే కనిపిస్తాయి. "సర్/మేడమ్" మధ్యలోని గీత ఒక్కటే చాలు, ఎదుటివాళ్లు ఎవరో కూడా చూసుకోలేదని చెప్పడానికి.

ఇలా మొదలుపెడితే మర్యాద తగ్గుతుందేమోనన్న సందేహం మనవాళ్లకు సహజం. తెలుగు ఉత్తరాల్లో ఉభయకుశలోపరికి ఎప్పుడూ చోటుంది. కానీ అక్కడ కూడా సంబోధన అందరికీ ఒకటి కాదు. పెద్దాయనకు "మహారాజశ్రీ", చిన్నవాడికి "చిరంజీవి" అని మనిషిని బట్టి మారేది. కుశలప్రశ్న మాత్రమే అచ్చుది. మెయిల్‌లో మర్యాద చూపించడానికి చివర కూడా చోటుంది. "మీ సమయానికి కృతజ్ఞతలు" అన్న వాక్యం అచ్చు భాగంలో ఉన్నా ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అచ్చును భద్రపరిచే పద్ధతి

జీమెయిల్‌ను కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి, పైన పళ్లచక్రం గుర్తు నొక్కి `See all settings` లోకి వెళ్లాలి. `Advanced` అనే చోట `Templates` ఎదురుగా `Enable` ఎంచుకుని కింద `Save Changes` నొక్కాలి. ఆ తర్వాత `Compose` తెరిచి అచ్చు భాగం రాసుకుని, కింద మూడు చుక్కలు నొక్కి `Templates`, `Save draft as template`, `Save as new template` వరుసగా ఎంచుకుంటే అది నిలిచిపోతుంది. కావలసినప్పుడు అదే మూడు చుక్కల్లోంచి తెచ్చుకోవచ్చు.

భద్రపరిచే ముందు రెండు పనులు చేయాలి. సంతకం ఆటోమేటిగ్గా వచ్చేలా పెట్టుకున్నవాళ్లు అచ్చులోంచి సంతకం తీసేయాలి, లేకపోతే మెయిల్ కింద రెండు సంతకాలు కనిపిస్తాయి. రెండోది ముఖ్యం: మొదటి రెండు వాక్యాల చోట ఏ మంచి వాక్యాన్నీ ఉంచకూడదు. "తర్వాత మార్చుకుందాంలే" అని పెట్టిన వాక్యం మారకుండానే వెళ్లిపోతుంది, అది చదవడానికి బాగానే ఉంటుంది కాబట్టి మన కంటికి ఆనదు. ఆ చోట `@@@@` లాంటి వికారమైన గుర్తు పెడితే ఎంత తొందరలో ఉన్నా కళ్లకు కొడుతుంది.

ఒక్క అచ్చు అందరికీ పనికిరాదు. పోషణ మీద పనిచేసేవాళ్లకు చెప్పే అనుభవం వేరు, ఐఐసీటీలో రసాయన సంశ్లేషణ చేసేవాళ్లకు చెప్పేది వేరు. రెండు అచ్చులు ఉంచుకుని, జవాబు రాకపోతే పది రోజుల తర్వాత అదే మెయిల్‌కు కొనసాగింపుగా పంపే నాలుగు వరుసల గుర్తుచేతకు మూడోది పెట్టుకుంటే చాలు.

ఎవరికి ఏం రాశామో గూగుల్ షీట్స్‌లో పట్టికగా ఉంచుకుంటే ఇంకో రక్షణ దొరుకుతుంది. ఒక్కొక్కరికి ఒక్కో వరుస. `D` నిలువు వరుసలో మొదటి వాక్యాలు రాసుకుని, పక్క గడిలో ఈ సూత్రం పెట్టి కిందికి లాగితే సరి:

```
=IF(TRIM(D2)="","ఖాళీ",IF(SUMPRODUCT(--(D$2:D$40=D2))>1,"మళ్లీ అదే","సరే"))
```

వాక్యం రాయని చోట "ఖాళీ" అని, ఇద్దరికి ఒకే వాక్యం పెట్టిన చోట "మళ్లీ అదే" అని చూపిస్తుంది. రెండు మాటలు అటూ ఇటూ మార్చి రాస్తే మాత్రం ఈ సూత్రం పట్టుకోలేదు. దానికి పైన చెప్పిన పరీక్షే మార్గం.

దొరికిపోయేది ఎక్కడ

అచ్చు మెయిల్ బండారం బయటపడేది ఎక్కువగా మాటల్లో కాదు, అక్షరాల రూపంలో. శాస్త్రవేత్త పేరును సంస్థ వెబ్‌సైట్ నుంచి కాపీ చేసి అతికిస్తే ఆ వెబ్‌సైట్ అక్షరాల సైజు, రంగు కూడా వెంట వస్తాయి. మెయిల్ అంతా ఒక సైజులో, పేరు మాత్రం కాస్త పెద్దగా, ముదురు నీలంలో. రాసేవాళ్ల తెర మీద ఈ తేడా లీలగా ఉంటుంది, కొన్నిసార్లు అవతలివాళ్ల తెర మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అతికించేటప్పుడు `Ctrl+Shift+V` వాడితే అక్షరాలు మాత్రమే వస్తాయి. ఇప్పటికే అతికించినదాన్ని ఎంపిక చేసి `Ctrl+\` నొక్కితే రూపం పోయి మామూలు అక్షరాలు మిగులుతాయి.

ఇక అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది మెయిల్ మధ్యలో మిగిలిపోయిన పాత పేరు. పైన సంబోధనలో పేరు మార్చి, మూడో పేరాలో "మీ ఎన్‌ఐఎన్ ల్యాబులో" అని ఉన్నదాన్ని సీసీఎంబీకి పంపడం ఇలాగే జరుగుతుంది. దీనికి జాగ్రత్తగా చూసుకోవడం ఒక్కటే మందు కాదు. అచ్చు భాగంలో సంస్థ పేరు, ల్యాబు పేరు అసలు లేకుండా "మీ ల్యాబులో" అని మాత్రమే రాస్తే మర్చిపోవడానికి అక్కడ ఏమీ ఉండదు. మారేవన్నీ సంబోధనలో, మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి, ఆ తర్వాత మారేది ఒక్కటీ ఉండకూడదు. ఈ నియమం పాటిస్తే పంపే ముందు తనిఖీ కూడా సంబోధనకు, ఆ రెండు వాక్యాలకే పరిమితమవుతుంది.

`To` గడిని చివర నింపాలి. చిరునామా లేని మెయిల్ పొరపాటున వెళ్లదు. సెట్టింగ్స్‌లో `Undo Send` గడువును 30 సెకన్లకు పెంచుకుంటే పంపిన తర్వాత కూడా అరనిమిషం చేతిలో ఉంటుంది. చేసిన తప్పు చాలామందికి తట్టేది `Send` నొక్కిన మరుక్షణంలోనే కదా.

ఎక్కడ అక్కర్లేదు

మన దేశంలో 2013 జులైలో తంతి సేవ ఆగిపోయే దాకా శుభాకాంక్షల టెలిగ్రాములకు తంతి శాఖ సిద్ధం చేసి నంబర్లు వేసిన వాక్యాలు ఉండేవి. పెళ్లికి ఒక నంబరు, పండగకు ఒక నంబరు. ఆ నంబరు చెబితే అవతల పూర్తి వాక్యం చేరేది. అందరికీ అదే వాక్యమని తెలిసినా ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. ఎందుకంటే ఆ టెలిగ్రామ్ ఎదుటివాళ్లను ఏమీ అడగదు. ఫలానావాళ్లు తలచుకున్నారన్న కబురు చేరితే దాని పని అయిపోయినట్టే.

క్యాంపస్‌లో రోజూ నడిచే మెయిళ్లలో చాలావరకు ఆ కోవకు దగ్గరివే, అవి అడిగేది చాలా తక్కువ. బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం కార్యాలయానికి రాసేది, హాస్టల్ గది మార్పు అడిగేది, ప్రాక్టికల్ పరీక్ష తేదీ కనుక్కునేది. వీటికి సొంత వాక్యం పెడితే చదివే గుమాస్తాకు అది అడ్డమే. ఆయనకు కావలసింది హాల్ టికెట్ నంబరు, కోర్సు, సంవత్సరం, అడిగే పని. వాటిని మొదటి వరుసలోనే ఇచ్చే పూర్తి అచ్చు మెయిలే అక్కడ మర్యాద. అది ఎంత యాంత్రికంగా ఉంటే అంత తొందరగా పనవుతుంది.

కాబట్టి `Compose` నొక్కే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఎదుటివాళ్లను మనం ఎంత అడుగుతున్నాం? ఒక ముద్ర, ఒక తేదీ అయితే అచ్చు మొత్తంగా పంపేయొచ్చు. పది నిమిషాలు అయితే పేరు సరిచూసుకుని, అడిగేది సూటిగా అడిగితే సరిపోతుంది. కొన్ని నెలలు అయితే ఆ నెలల్లోంచి అరగంటను మనమే ముందుగా ఇవ్వాలి.